మైనం మీద వేడినీళ్లు మాత్రం పోయకండి
టైల్స్ మీద, చీర మీద పడిన కొవ్వొత్తి మైనం ఎలా పోతుంది? ఇత్తడి కుందుల మసి చింతపండుతో తోమినా వదలడం లేదు, ఏం చేయాలి?

మాది బరంపురం. 2013లో ఫైలిన్ తుఫాను దసరా రోజుల్లోనే వచ్చింది, తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు. సాయంత్రమైతే ఇంటినిండా కొవ్వొత్తులు, దేవుడి దగ్గర దీపాలు. హాల్లో టైల్స్ మీద మైనం కారి గడ్డకట్టింది. మా అత్తగారు మరిగే నీళ్లు తెచ్చి పోసేశారు. మైనం కరిగింది, కానీ పోలేదు. పల్చటి పొరలా పరుచుకుని టైల్స్ సందుల్లోకి దిగింది, దాని మీద దుమ్ము అంటుకుని ఆ గీతలు ఇప్పటికీ నల్లగానే ఉన్నాయి. ఆ నీళ్లు తూములోకి పోతే ఇంకో తలనొప్పి, చల్లారగానే లోపల మళ్లీ గడ్డకడుతుంది.

టైల్ మీదైతే ప్లాస్టిక్ కవర్లో ఐసు ముక్కలు వేసి పది నిమిషాలు పెట్టండి. గట్టిపడ్డాక పాత ఏటీఎం కార్డు అంచుతో నెడితే పెళ్లలా లేస్తుంది. కత్తితో గీకితే గీతలు పడతాయి. మిగిలిన జిడ్డు పొరకి అప్పుడు సబ్బు.

అప్పుడే నా పట్టుచీర కొంగు మీద కూడా మైనం పడింది. ఐసు లేదు, ఇస్త్రీపెట్టెకి కరెంటు లేదు. మా అమ్మ స్టీలు చెంబులో మరిగే నీళ్లు పోసి, చీరకి పైనా కిందా తెల్లకాగితం పెట్టి చెంబు అడుగుతో ఒత్తింది. కాగితం నూనె పీల్చినట్టు పీల్చుకుంది, తడిసినప్పుడల్లా కొత్తది మార్చాం. మామూలు మైనం అరవై డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కాబట్టి చెంబు వేడి చాలు, పట్టు మాడే భయం లేదు. ఇప్పటికీ నేను ఇస్త్రీపెట్టె కంటే దీన్నే నమ్ముతాను. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. రంగు కొవ్వొత్తి అయితే మైనం పోయినా రంగు ఉండిపోవచ్చు, అసలు ఆ రంగు కొవ్వొత్తులు ఎందుకు కొంటారో నాకర్థం కాదు. బట్ట మీద మసి పడితే తడి చెయ్యి పెట్టకండి, ముందు దులపండి.

ఇక కుందులు. చింతపండు తప్పేం లేదండీ, మీరు వాడే వరసే తప్పు. చింతపండు పులుపు ఇత్తడి మీది నల్లదనాన్ని తీస్తుంది కానీ నూనె జిడ్డుని తీయలేదు. మసి ఆ జిడ్డులోనే ఇరుక్కుని ఉంటుంది, గోరుతో గీస్తే జిగురుగా తగులుతుంది చూడండి. ముందు పొడి కాగితంతో మసి తుడిచి, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన వేడినీళ్లలో అరగంట నానబెట్టి, వత్తి పెట్టే మూలల్లో వెదురు పుల్లతో గీకండి. నీళ్లు బొట్లు కట్టకుండా జారితే జిడ్డు పోయినట్టే. అప్పుడు చింతపండు, ఉప్పు రాసి ఐదు నిమిషాల్లో కడిగేసి వెంటనే పొడిబట్టతో తుడవండి. రాత్రంతా వదిలేస్తే ఇత్తడిలోని జింకు కరిగి గులాబీ రంగు మచ్చలు తేలతాయి. మా తోటికోడలు అలాగే ఒక జత పాడుచేసి, నన్నే అడిగింది పాలిష్ ఎక్కడ దొరుకుతుందని.

వత్తి బయటికి పొడుగ్గా లాగకండి, మసి సగం తగ్గుతుంది.