కెమెరా కోసం అప్పెందుకు? ఫోను చాలు

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. నెలకు 22 వేలు వస్తాయి, ఇంటి ఖర్చు 18 వేలు. బ్యాంకులో 30 వేలున్నాయి. ల్యాప్‌టాప్ కెమెరాలో బోర్డు మసగ్గా ఉందని తల్లిదండ్రులు అంటున్నారు. మంచి కెమెరాకి లోన్ యాప్ 40 వేలు ఇస్తానంటోంది, నెలకు 4 వేల చొప్పున 12 నెలలు కట్టాలి. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. 40 వేలకు 48 వేలు కడితే 20 శాతమే కదా అనుకుంటారు చాలామంది, తప్పంతా అక్కడే. అసలు నెలనెలా తగ్గుతూ ఉంటుంది కాబట్టి నిజమైన వడ్డీ ఏడాదికి సుమారు 35 శాతం పడుతుంది. పైగా మీకు మిగిలేదే 4 వేలు. అదంతా కిస్తీకి పోతే, ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చి వారం క్లాసులు ఆగినా మళ్లీ అప్పే.

మీ ఫోను వెనక కెమెరా ఈ పనికి సరిపోతుంది. ఫోనులో DroidCam యాప్, ల్యాప్‌టాప్‌లో దాని జోడీ ప్రోగ్రామ్ అయిన క్లయింటు వేసుకోండి. రెండూ ఒకే వైఫైలో ఉండాలి. ఫోను తెర మీద 192.168.1.5 లాంటి ఐపీ, 4747 అనే పోర్టు కనిపిస్తాయి. వాటిని క్లయింటులో కొట్టి, క్లాసు యాప్‌లో కెమెరాగా DroidCam ఎంచుకోండి. కలవకపోతే రెండిట్లో ఒకటి గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. గెస్ట్ వైఫైలో సాధారణంగా పరికరాలు ఒకదానికొకటి కనబడవు.

బొమ్మ ఆగి ఆగి వస్తోందంటే తప్పు ఇంటర్నెట్‌ది కాకపోవచ్చు. వీడియో ఫోను నుంచి రూటరుకి, అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌కి గాల్లోనే రెండుసార్లు వెళ్తుంది. ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో రూటరుకి కలిపితే ఒక గాలి ప్రయాణం తప్పుతుంది. ఫోనుని 5 గిగాహెర్ట్జ్ వైఫైలో పెట్టండి, రూటరు అదే గదిలో ఉంటే మేలు. అయినా కుదరకపోతే, ల్యాప్‌టాప్‌ని కేబుల్ ద్వారా ఫోనుతో మాట్లాడనిచ్చే USB debuggingని ఫోను సెట్టింగ్స్‌లో ఆన్ చేసి డేటా కేబుల్‌తో కలపండి, ఛార్జింగ్ కూడా అవుతుంది.

1080p జోలికి వెళ్లకండి. క్లాసు యాప్‌లు చాలాసార్లు వీడియోని కుదించే పంపుతాయి, ఫోను వేడెక్కడమే మిగులుతుంది. వేడెక్కిన ఫోను తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అరగంట బాగా నడిచి తర్వాత బొమ్మ తడబడితే కారణం అదే. 720p, సెకనుకి 30 ఫ్రేములు చాలు. 720pకి యాప్ డబ్బడిగితే ముందు 480pలో అక్షరాలు పెద్దవిగా రాసి ఒక క్లాసు చూడండి. మీ చెయ్యి అడ్డొచ్చినప్పుడల్లా బోర్డు మసకబారుతుంటే ఫోకస్ లాక్ చేయండి. మైకు మాత్రం ల్యాప్‌టాప్‌దే ఉంచండి. క్లాసు సమయంలో ఫోనుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చేస్తే మామూలు కాల్స్ అడ్డురావు, వైఫై కాలింగ్, వాట్సాప్ కాల్స్ మాత్రం రావచ్చు.

స్టాండు, కేబుల్ కలిపి వెయ్యి లోపే. కొత్త వెబ్‌క్యామ్ సంగతి తర్వాత, అదీ చేతి డబ్బుతోనే.

ఇక 30 వేలు. అవి రెండు నెలల ఖర్చుకి కూడా రావు. ఆపదకని ఆరు నెలల ఖర్చు దాచుకోవాలంటే 1,08,000 కావాలి, తక్కువైంది 78 వేలు. ఆ 4 వేలు ప్రతి నెలా ఒకటో తారీఖునే వేరే ఖాతాలోకి వెళ్లేలా పెడితే 20 నెలల్లో నిండుతుంది. స్టాండు డబ్బు ఈ నెల మిగులులోంచి తీయండి, 30 వేలని ముట్టుకోవద్దు.