బిల్లు ముందుకెళ్లి పని వెనకబడితే మార్చి 31న ఆదాయం ఎంత చూపాలి?

ప్రశ్న: "మాది చిన్న సివిల్ కాంట్రాక్ట్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఒక కాలేజీ బిల్డింగ్ 4 కోట్లకు తీసుకున్నాం, జీఎస్టీ వేరే. మొత్తం ఖర్చు అంచనా 3 కోట్ల 40 లక్షలు. మార్చి 31 నాటికి 2 కోట్ల 20 లక్షలకు బిల్లులు పెట్టేశాం. పుస్తకాల్లో ఖర్చు 1 కోటి 53 లక్షలు ఉంది. పని ఇంకా సగం కూడా కాలేదు. బిల్లులన్నీ సేల్స్‌లో చూపాలా? లేదంటే మిగతాది ఎక్కడ పెట్టాలి?"

బిల్లులన్నీ సేల్స్‌లో చూపకూడదండీ. మీకు వర్తించే ఏఎస్ 7 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం ఆదాయాన్ని పని పూర్తయిన శాతం బట్టి లెక్కేయాలి. బిల్లు ఎంత అయిందన్నది ఆ లెక్కలోకి రాదు. మీ కేసులో వాడని మెటీరియల్, అడ్వాన్సులు కలిపి 17 లక్షలు ఉన్నాయనుకుంటే ఆదాయం 1 కోటి 60 లక్షలు, మిగతా 60 లక్షలు అప్పుల వైపు పోతాయి. ఎలా వచ్చిందో చెప్తాను. విజయవాడలో ఒక కాంట్రాక్టర్ దగ్గర పనిచేసిన మొదటి రెండేళ్లలో నేను దీన్ని తప్పుగా చేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ 1 కోటి 53 లక్షల్లో ఏముందో చూడండి. 3 కోట్ల 40 లక్షలతో భాగిస్తే 45 శాతం వస్తుంది, కానీ ఆ అంకెను అలాగే తీసుకోకండి. మార్చి 31 సాయంత్రం సైట్‌కి వెళ్లి స్టోర్ తెరిచి చూడండి. అప్పట్లో మా స్టోర్‌లో వాడని స్టీలు, పెట్టెలు విప్పని టైల్స్ గుట్టగా ఉండేవి. అదంతా మెటీరియల్ ఖర్చు కింద పుస్తకంలోకి ఎక్కేసింది. ఈ కాంట్రాక్ట్ కోసమే ప్రత్యేకంగా చేయించిన వస్తువైతే తప్ప, సైట్‌కి వచ్చి ఇంకా బిగించని మెటీరియల్ పూర్తయిన పని కాదు. సబ్ కాంట్రాక్టర్‌కి ముందే ఇచ్చిన అడ్వాన్స్ కూడా అంతే. మీ దగ్గర స్టాక్ 12 లక్షలు, అడ్వాన్స్ 5 లక్షలు అనుకుందాం. ఆ 17 లక్షలు తీసేస్తే అసలు పనికి పెట్టిన ఖర్చు 1 కోటి 36 లక్షలు, అంటే 40 శాతం. 4 కోట్లలో 40 శాతం 1 కోటి 60 లక్షలు. లాభం 24 లక్షలు.

బిల్లులు 2 కోట్ల 20 లక్షలు, ఆదాయం 1 కోటి 60 లక్షలు. తేడా 60 లక్షలు మీరు కాలేజీ వాళ్లకి ఇంకా చేసిపెట్టాల్సిన పని విలువ. కాబట్టి బ్యాలెన్స్ షీట్‌లో ప్రస్తుత అప్పుల కింద చూపాలి. బిల్లు పెట్టినప్పుడే సేల్స్‌కి క్రెడిట్ చేసేసి ఉంటే, సంవత్సరాంతంలో ఆదాయం వైపు ఈ ఎంట్రీ చాలు, ఆ 17 లక్షలను మాత్రం ఖర్చులోంచి స్టాక్, అడ్వాన్స్ ఖాతాల్లోకి విడిగా మార్చాలి:

```
సేల్స్ ఖాతా                    డెబిట్   60,00,000
  పని కంటే ముందు వేసిన బిల్లులు    క్రెడిట్  60,00,000
```

ఈ 60 లక్షల్లో జీఎస్టీ కలపకండి. కాలేజీ వాళ్లు బిల్లులోంచి ఇవ్వకుండా పట్టుకున్న రిటెన్షన్ రావాల్సిన బాకీల్లో విడిగా ఉంటుంది, బిల్లు మొత్తంలోంచి దాన్ని తీయకూడదు. పని మొదలుపెట్టడానికి వాళ్లు ముందే ఇచ్చిన మొబిలైజేషన్ అడ్వాన్స్ ఉంటే అది వేరే ఖాతా, దీంతో కలపొద్దు. రెండు మూడు సైట్లు ఉంటే ఒక్కోదానికి విడిగా లెక్క చేయండి. ఒక సైట్‌లో ఎక్కువైన బిల్లుని ఇంకో సైట్‌లో బిల్లు కాని పనితో సర్దేయకూడదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు. మా రేట్లు పునాది, స్లాబుల మీద ఎక్కువగా, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, ఎలక్ట్రికల్ మీద తక్కువగా ఉండేవి. స్లాబ్ పడగానే పెద్ద బిల్లు లేచేది. నేను బిల్లునే సేల్స్ అనుకుని, స్టోర్‌లోని మెటీరియల్‌తో సహా ఖర్చు రాసేశాను. మీ అంకెలతో చెప్పాలంటే 2 కోట్ల 20 లక్షల ఆదాయం, 1 కోటి 53 లక్షల ఖర్చు, 67 లక్షల లాభం. మరుసటి ఏడాది మిగిలిన బిల్లు 1 కోటి 80 లక్షలే, ఖర్చు మాత్రం 1 కోటి 87 లక్షలు. అంటే 7 లక్షల నష్టం. రెండేళ్లు కలిపితే అదే 60 లక్షలు. కానీ మొదటి ఏడాది 67 లక్షల మీద టాక్స్ కట్టేశాం. అంతకన్నా బాధగా అనిపించింది ఇంకొకటి. ఆ లాభం చూసి మా యజమాని సైట్ డబ్బు ఇంకో సైట్‌లో పెట్టారు. ఫ్లోరింగ్ మొదలయ్యే నాటికి మేస్త్రీలకు శనివారం కూలీ ఇవ్వడానికి బ్యాంకులో డబ్బు లేదు. అప్పుల వైపు 60 లక్షలు కనిపించి ఉంటే ఆయన ఆ డబ్బు కదిపేవారు కాదని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే నేను ఇప్పుడు బ్యాంకు బ్యాలెన్స్‌ని, రావాల్సిన బాకీలని ఆ అంకె పక్కన పెట్టి చూస్తాను. రెండూ కలిపినా దానికి తక్కువైతే, ఆ సైట్ డబ్బు వేరే చోటికి వెళ్లిందని అర్థం.

అసలు కష్టం ఇంకొక చోట ఉంది: ఆ 3 కోట్ల 40 లక్షల అంచనా. టెండర్ వేసినప్పటి అంకెనే పట్టుకుని కూర్చుంటే 40 శాతం అన్న మాటకే విలువ ఉండదు. సైట్ ఇంజినీర్‌ని "ఎంత శాతం అయింది?" అని అడగకండి, ఆయన బిల్లు చూసి చెప్తారు. "ఇక్కడి నుంచి పూర్తి చేయడానికి ఇంకెంత పడుతుంది?" అని ఐటమ్ వారీగా రాయించండి. ఎం-బుక్‌లో కొలిచిన పరిమాణాలు, ఇప్పటి సిమెంట్, స్టీలు, కూలీ రేట్లు దగ్గర పెట్టుకుని. ఇంకా 2 కోట్ల 38 లక్షలు పడుతుందని తేలితే మొత్తం ఖర్చు 3 కోట్ల 74 లక్షలు అవుతుంది. అప్పుడు 1 కోటి 36 లక్షలు అంటే సుమారు 36 శాతమే. ఆదాయం 1 కోటి 45 లక్షలకు, లాభం 9 లక్షల చిల్లరకు పడిపోతుంది. ముందు వేసిన బిల్లు 75 లక్షలకు చేరుతుంది. ఖర్చు పెరిగిందన్న కబురు లాభాన్ని ఎంతగా తినేస్తుందో చూడండి. మొత్తం ఖర్చు 4 కోట్లు దాటేలా ఉంటే, పనిలో ఎంత అయిందన్నదాంతో పని లేకుండా నష్టమంతా ఇప్పుడే రాయాలి.

టాక్స్ విషయానికొస్తే, ఆదాయపు పన్ను లెక్కకి ఉన్న ఐసీడీఎస్ 3 కూడా శాతం పద్ధతే చెప్తుంది. పని 25 శాతం లోపు ఉన్న తొలి దశలో ఖర్చు మేరకే ఆదాయం చూపే వీలుంది, మీరు ఆ దశ దాటారు. రాబోయే నష్టాన్ని మాత్రం అక్కడ ఒకేసారి ఒప్పుకోరు, పని జరిగిన మేరకే. జీఎస్టీ మాత్రం బిల్లు మొత్తం 2 కోట్ల 20 లక్షల మీదే కట్టాలి. దాంతో రిటర్నుల్లో టర్నోవర్ పుస్తకాల కన్నా 60 లక్షలు ఎక్కువ ఉంటుంది. ఆ తేడా ఎక్కడిదో చూపే ఒక పేజీ వర్కింగ్ ఇప్పుడే తయారు చేసి ఫైల్లో పెట్టండి.

వచ్చే ఏడాది కొత్తగా ఆ ఏడాది శాతం అంటూ లెక్కేయకండి. పని మొదలైనప్పటి నుంచి అప్పటి వరకు మొత్తం ఆదాయం కట్టి, అందులోంచి ఈ ఏడాది చూపిన 1 కోటి 60 లక్షలు తీసేయండి. పాత అంచనాలోనే పని పూర్తయితే అది 2 కోట్ల 40 లక్షలు: కొత్త బిల్లులు 1 కోటి 80 లక్షలు, అప్పుల వైపు నుంచి వెనక్కి వచ్చే 60 లక్షలు.