సరళరేఖా దూరం అని రాయొచ్చా?

సందేహం: మాస్టారూ, మా ఊరి మీద రాస్తున్న వ్యాసం కోసం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి అక్షాంశ రేఖాంశాల నుంచి దూరం తేల్చే హావర్‌సైన్ ఫార్ములాతో లెక్కేస్తే 57 కిలోమీటర్లు వచ్చింది. దీన్ని "సరళరేఖా దూరం" అని రాసేయొచ్చా?

సమాధానం: రాయకండి, "మహావృత్త దూరం" అనండి. సరళరేఖ అంటే తిన్నని గీత, భూమి గుండ్రం కాబట్టి ఆ గీత శ్రీకాకుళంలో నేలలోకి దిగి విజయనగరంలో పైకి తేలుతుంది. మీకొచ్చింది నేల వంపు వెంబడి కొలిచిన దూరం. భూమిని సరిగ్గా కేంద్రం మీదుగా కోస్తే అంచున పడే వృత్తమే మహావృత్తం, దాని మీద ఈ రెండూళ్ల మధ్య ముక్క అన్నమాట.

తమాషా ఏంటంటే మీరడిగిన సరళరేఖ కూడా లెక్క మధ్యలో ఓసారి వస్తుంది, చూడండి.

```
a = sin²(Δφ/2) + cos φ1 · cos φ2 · sin²(Δλ/2)
d = 2R · asin(√a)
```

φ అంటే అక్షాంశం, λ అంటే రేఖాంశం, Δ అంటే రెండూళ్ల మధ్య తేడా, asin అంటే సైన్‌కి విలోమం, R భూమి సగటు వ్యాసార్ధం 6371 కి.మీ. శ్రీకాకుళం 18.30, 83.90 అనీ విజయనగరం 18.11, 83.40 అనీ తీసుకుందాం, అప్పుడు తేడాలు 0.19, 0.50 డిగ్రీలు. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి కదా, ఆ కుదింపు కోసమే మధ్యలో రెండు కొసైన్లు, మన దగ్గర ఒక్కోటీ 0.95 దాకా ఉంటుంది. a విలువ 0.00001993 వస్తుంది, దాని వర్గమూలం 0.004464. దీన్ని 2R తో గుణిస్తే వచ్చేదే నేల లోపల్నుంచి పోయే సరళరేఖ! asin వేసి గుణిస్తేనే అది వంపు మీది దూరమవుతుంది, 56.88 కి.మీ. ఇంత దగ్గర ఊళ్లకి రెండింటి తేడా 19 సెంటీమీటర్లే, అందుకే జనం రెండు మాటల్నీ కలిపేస్తున్నారు, కానీ దూరం పెరిగేకొద్దీ తేడా బాగా పెరిగిపోతుంది. భూమికి సరిగ్గా అవతలి వైపున్న చోటికైతే సరళరేఖ 12,742, మహావృత్తం సుమారు 20,015 కిలోమీటర్లు.

మీకు 57 వచ్చిందంటే డిగ్రీల్ని రేడియన్లలోకి మార్చే చేసుంటారు, అది చాలామంది మర్చిపోతారు. ప్రోగ్రాముల్లో sin, cos మామూలుగా రేడియన్లే తీసుకుంటాయి, డిగ్రీలు అలాగే ఇచ్చేస్తే ఇవే రెండూళ్లకి 2,801 కి.మీ. వచ్చేస్తుంది, ఎర్రర్ ఏమీ చూపించదు. పక్క జిల్లాకి అంత దూరం చూస్తే అనుమానం రావాలి.

ఇంకొకటి, వ్యాసంలో 56.88 అని దశాంశాలు పెట్టకండి. ఈ ఫార్ములా భూమిని నిఖార్సైన గోళం అనుకుంటుంది, నిజానికి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి అర శాతం దాకా తేడా రావొచ్చు, ఇక్కడది రెండు మూడొందల మీటర్లు. "మహావృత్త దూరం సుమారు 57 కి.మీ." అని రాసి, రోడ్డు దూరం ఇంతకంటే ఎక్కువని పక్కనే చెప్పండి, లేకపోతే చదివినవాళ్లు బస్సు దూరం అనుకుంటారు.