మూడు రోజుల సెలవుకి నెలనెలా వేరే కటింగ్ ఎందుకు?

"భీమవరం దగ్గర రొయ్యల ప్లాంట్‌లో చేస్తున్నా, జీతం 18000. జీతం లేని సెలవు మూడ్రోజులు పెడితే జనవరిలో 1742 కోశారు, ఫిబ్రవరిలో అదే మూడ్రోజులకి 1929 కోశారు. మోసమా అండి?"

మోసం కాదండి, మీ వాళ్ళు క్యాలెండర్ రోజులతో భాగిస్తున్నారు. 18000ని 31తో భాగిస్తే రోజుకి 580.65, 28తో భాగిస్తే 642.86, అందుకే ఫిబ్రవరిలో సెలవు ఖరీదు ఎక్కువ. అదే 30 రోజుల లెక్క పెట్టుకుంటే ఏ నెలైనా రోజుకి 600, మూడ్రోజులకి 1800. సెలవు పెట్టకపోతే ఎలా లెక్కేసినా 18000 వస్తుంది.

అలాగని 30 లెక్కే మంచిదనుకోకండి, అందులో వేరే తిరకాసుంది. నేను పాలకొల్లులో ఓ రైస్ మిల్లు జీతాలు చూసేవాణ్ణి, ఒకబ్బాయి అదే 18000 జీతానికి ఫిబ్రవరి 27న చేరాడు, చేసింది రెండ్రోజులే, అంటే 1200 రావాలి కదా, మా షీటేమో 30లోంచి రాని 26 రోజులు తీసేసి నాలుగు రోజులకి 2400 చూపించింది (ఓనరు గారు నాకేసి చూసిన చూపు ఇంకా గుర్తే). 31 రోజుల నెలలో దీనికి రివర్సు, ఆఖరి రోజు చేరినోడికి 30లోంచి 30 పోయి సున్నా వస్తుంది, పాపం ఆ రోజు పని చేసినా.

అందుకే 30 లెక్క వాడే చోట, నెల మధ్యలో చేరినా మానేసినా పని చేసిన రోజుల్ని 600తో గుణించాలి, నెలంతా ఉండి ఒకట్రెండు రోజులు రానోళ్ళకి మాత్రం 18000లోంచి తీసెయ్యాలి. మీ ప్లాంట్‌లో ఏ లెక్కో అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉందేమో చూడండి, ఒక నెల 30 లెక్క, ఇంకో నెల క్యాలెండర్ లెక్క అని వాళ్ళకి నచ్చినట్టు మారుస్తుంటే అప్పుడు గట్టిగా అడగండి.