డాక్టర్ సలహా: ‘ప్రాణగండం’ అని థంబ్‌నెయిల్ పెడితే చూసేవాళ్లకు ఏమవుతుంది?

ప్రశ్న: మాది చిక్కడపల్లి. నాన్నగారు జ్యోతిషం చెబుతారు, ఆయన వీడియోలు నేనే ఎడిట్ చేసి యూట్యూబ్‌లో పెడతాను. ఏలినాటి శని వీడియో పెట్టాక ఒకావిడ రోజూ రాత్రి ఫోన్ చేసి ఏడుస్తున్నారు. నాన్నగారు ధైర్యం చెబితే ఆ పూట కుదుటపడతారు, మర్నాడు మళ్లీ అదే. మా వల్లే ఇలా అయిందా? వీడియోల్లో ఏం మార్చాలి?

జవాబు: మీ ఒక్క వీడియో వల్లే అయి ఉండదండీ. ఆందోళన స్వభావం ఉన్నవాళ్లకు లోపల టెన్షన్ ముందే ఉంటుంది, వీడియో దానికి ఒక పేరు పెడుతుంది. ఆ పేరు ఏం పెట్టాలన్నది మాత్రం మీ చేతిలోనే ఉంది.

నా దగ్గరికి ఎల్బీ నగర్ వైపు నుంచి ఒకావిడ వచ్చారు, మేషరాశి (ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను). 2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చింది కదా, ఆ రోజుల్లో ‘ఈ రాశుల ఇంట్లో ఒకరికి ప్రాణగండం’ అన్న వీడియో చూశారట. భర్త రోజూ బైక్ మీద ఆఫీసుకి వెళ్లొస్తాడు. ఇక అరగంటకోసారి ఫోన్, ఎత్తకపోతే గుండెదడ, చేతులు చల్లబడిపోవడం. శనివారం తైలాభిషేకం చేయిస్తే ఆ సాయంత్రం హాయిగా ఉండేది, తెల్లారేసరికి కొత్త అనుమానం మొదలయ్యేది: ప్రదక్షిణలు తొమ్మిది చేశానా ఎనిమిదేనా, నూనె కల్తీదేమో, దీపం మధ్యలో కొండెక్కింది కదా అని. ఎందుకంటే అదే వీడియోలో ‘నియమం తప్పితే దోషం రెట్టింపు’ అన్నారు. మళ్లీ గుడికి, మళ్లీ వీడియోలకు. ఒకటి చివరిదాకా చూస్తే అలాంటివే మరో పది వస్తాయి, ఇంతమంది చెబుతున్నారంటే నిజమే అనిపిస్తుంది.

నన్నడిగితే ‘ప్రాణగండం’ కన్నా ఎక్కువ హాని చేసింది ఆ ‘నియమం తప్పితే’ అన్న మాటే. మామూలు మనిషికి అది ఒక జాగ్రత్త, అంతే. ఆందోళన ఉన్న మనిషికి మాత్రం అంతులేని చెకింగ్‌కి అది దారి, ఎందుకంటే నియమం తప్పలేదని నూటికి నూరు పాళ్లు ఎవరూ తేల్చుకోలేరు. ‘ఈ శనివారం లోపు చేయకపోతే’ అనేది కూడా ఇలాంటిదే. ఆమె పూజ నేను మాన్పించలేదు. వారానికి ఒక్కసారి, అనుమానం వచ్చినా మళ్లీ చేయకూడదు అని ఒప్పందం చేసుకున్నాం, భర్తకి ఫోన్లు అరగంట నుంచి రెండు గంటలకి, తర్వాత రోజుకి ఒకటికి తగ్గించాం, కొన్ని నెలలు మందులు కూడా వాడాం. అప్పుడు నిద్ర పట్టింది.

జ్యోతిషం నిజమా కాదా అన్న చర్చలోకి నేను రాను. కానీ నాన్నగారికి బాగా తెలిసిన లెక్కే వీడియో మొదట్లో చెప్పమనండి. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు, అలా మూడు రాశులకు ఏడున్నరేళ్లు. అంటే ఏ రోజు చూసినా పన్నెండులో మూడు రాశులకు ఏలినాటి శని ఉంటుంది. శని మీనంలో ఉన్నంతకాలం అవి కుంభం, మీనం, మేషం. సింహానికి అష్టమ శని, ధనుస్సుకి అర్ధాష్టమ శని కూడా కలిపితే ఐదు రాశులు. ఇంతమందికి ఒకేసారి ప్రాణగండం ఎలా ఉంటుందో చూసేవాళ్లే ఆలోచించుకుంటారు. తర్వాత ఇలా అనమనండి: ‘శ్రమ, ఆలస్యాలు ఉండే కాలమని శాస్త్రం చెబుతుంది. వీలైతే శనివారం దీపం పెట్టండి, కుదరకపోయినా, లెక్క తప్పినా దోషం లేదు.’ ఆ చివరి ముక్క ఎడిటింగ్‌లో కోసేయకండి, ప్లీజ్.

ఉపవాసం చెప్పేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త: ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడే షుగర్ పేషెంట్లు తినకుండా ఉంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, డాక్టర్ని అడగకుండా ఉపవాసం ఉండొద్దని అక్కడే చెప్పండి. జబ్బు తగ్గుతుందని మంత్రం, తాయెత్తు చూపించి ప్రచారం చేయడం వేరే సంగతి, షుగర్, క్యాన్సర్, మూర్ఛ లాంటి వాటి విషయంలో అది 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

ఇక మీకు ఫోన్ చేస్తున్న ఆవిడ సంగతి. రోజూ ‘ఏం కాదమ్మా’ అని చెప్పడం కూడా ఆ తైలాభిషేకం లాంటిదే, ఆ పూటకే పనిచేస్తుంది. ఈసారి ఫోన్ వస్తే నాన్నగారు జాతకం జోలికి పోకుండా నిద్ర, తిండి ఎలా ఉన్నాయో, ఇంట్లో ఎవరితోనైనా చెప్పారో అడగాలి. ‘ఈ భయానికి చికిత్స ఉందమ్మా, నేనే చెబుతున్నాను, డాక్టర్ని కలువు’ అని ఆయన నోటితో అంటే నా మాట కన్నా ఎక్కువ వింటారు. 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మన ఎర్రగడ్డ ఆసుపత్రిలో ఓపీ ఉంది. ‘ఉండి ఏం లాభం’ లాంటి మాట వస్తే ఫోన్ పెట్టేయొద్దు, చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా రాదు. అవునంటే ఇంట్లోవాళ్లని లైన్లోకి తీసుకుని, ఆ రాత్రే దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్లమనండి.