రౌటర్ అప్‌డేట్ మధ్యలో ఆగితే లోపల ఏం జరుగుతుంది?

ప్రశ్న: ఫోన్‌లో యాప్ అప్‌డేట్ అవుతుండగా చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది, మళ్లీ ఆన్ చేస్తే అంతా మామూలుగానే ఉంది. మరి రౌటర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మధ్యలో మాత్రం కరెంటు తీయొద్దని ఎందుకంత గట్టిగా చెబుతారు? నిజంగా పాడవుతుందా?

జవాబు:

నిజంగానే పాడవుతుంది. అలా పాడైన రౌటర్‌ని ఈమధ్యే చేతిలోకి తీసుకుని, లోపల ఎక్కడ ఏం ఆగిపోయిందో బ్లాకు బ్లాకుగా చూశాను. దాని కథతోనే చెబుతాను.

అమలాపురంలో మా బాబాయ్ వాళ్ల ఇంట్లో రౌటర్ పేజీలో కొత్త వెర్షన్ వచ్చిందని కనిపిస్తే ఆయన అప్‌డేట్ నొక్కారు. కాసేపటికి ఫోన్‌లో వైఫై పేరే కనిపించకుండా పోయింది. ఏదో ఇరుక్కుపోయిందనుకుని స్విచ్ ఆపి మళ్లీ వేశారు. ఆ తర్వాత నాకు ఫోన్ చేశారు. "లైట్లు వెలుగుతున్నాయి, ఆరిపోతున్నాయి, మళ్లీ వెలుగుతున్నాయి రా. రీసెట్ బటన్ ఎంతసేపు నొక్కినా అంతే."

"వైఫై పోయాక ఎంతసేపు ఆగారు బాబాయ్?" అని అడిగాను. అర నిమిషం కూడా అయి ఉండదన్నారు.

ఆయన చేసిన పని చాలామంది చేసేదే. తెలియని విషయం ఒక్కటే: అప్‌డేట్ సరిగ్గా జరుగుతున్నప్పుడు కూడా వైఫై పోతుంది. రౌటర్ తాను నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌నే చెరిపి రాసుకోవాలి కాబట్టి ముందు వైఫైతో సహా మిగతా పనులన్నీ ఆపేస్తుంది. రాసే చిన్న ప్రోగ్రామ్‌ని, కొత్త ఫైల్‌ని ర్యామ్‌లో పెట్టుకుని అక్కడి నుంచి పని చేస్తుంది. బ్రౌజర్‌లో కనిపించే పర్సెంటేజీ బార్ చాలా రౌటర్లలో ఉత్త టైమరే. అసలు రాత ఎంతవరకు వచ్చిందో దానికి తెలియదు. అందుకే అది 90 దగ్గర ఆగిందంటే పని ఆగిందని అర్థం కాదు.

ముందు యాప్ సంగతి చూద్దాం. ఆండ్రాయిడ్‌లో కొత్త వెర్షన్ ముందు ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి దిగుతుంది. పాత యాప్ తన చోటే, తన ఫైళ్లతో అలాగే ఉంటుంది. కొత్తది పూర్తిగా వచ్చి, సంతకం సరిచూశాక, ఆఖర్న మాత్రమే పాతదాని స్థానంలోకి వస్తుంది. మధ్యలో ఫోన్ ఆగితే సగం దిగిన ఫోల్డర్ చెత్త కింద మిగులుతుంది, ఫోన్ మళ్లీ ఆన్ అయినప్పుడు సిస్టమే దాన్ని తీసేస్తుంది. ఒకవేళ ఆ యాప్ ఎలాగో పాడైందే అనుకుందాం. ఫోన్ ఉంది, ప్లే స్టోర్ ఉంది, నెట్ ఉంది. తీసేసి మళ్లీ వేసుకోవచ్చు. యాప్‌కి పైన దాన్ని బాగుచేసేవాళ్లు ఉన్నారన్నమాట.

ఇలాంటి చిన్న రౌటర్‌లో ఈ రెండూ ఉండవు. పాతది పక్కన ఉండదు, బాగుచేసేవాళ్లూ పెద్దగా ఉండరు.

బాబాయ్ రౌటర్‌లో ఉన్నది 8 ఎంబీ ఫ్లాష్ చిప్. తర్వాత బాగయ్యాక అందులోని భాగాలు చూస్తే ఇలా ఉన్నాయి:

```
dev:    size   erasesize  name
mtd0: 00030000 00010000 "u-boot"
mtd1: 00010000 00010000 "u-boot-env"
mtd2: 00010000 00010000 "factory"
mtd3: 007b0000 00010000 "firmware"
```

చివరి వరుసలోని `firmware` దాదాపు చిప్ అంతా ఆక్రమించింది. కొత్త ఫైల్ సైజు 5.5 ఎంబీ. పాతదాన్ని ఉంచి కొత్తదాన్ని పక్కన రాయాలంటే 11 ఎంబీ కావాలి, చిప్పేమో ఎనిమిదే. కాబట్టి పాతదాని మీదే కొత్తది రాయాలి. చాలా చవక రౌటర్ల అసలు సమస్య ఇదే.

ఫ్లాష్‌లో రాయడం కాగితం మీద రాసినట్టు ఉండదు, పలక మీద రాసినట్టు ఉంటుంది. ఒక అక్షరం మార్చాలన్నా పలకంతా తుడవాలి. ఈ చిప్‌లో ఒక్కో పలక 64 కేబీ. తుడిస్తే అందులోని బిట్లన్నీ 1 అవుతాయి, రాసేటప్పుడు అవసరమైనవి 0 అవుతాయి. 0 అయినదాన్ని మళ్లీ 1 చేయాలంటే మొత్తం బ్లాకుని తుడవడం తప్ప దారి లేదు. ఒక బ్లాకు తుడిచి రాయడానికి మామూలుగా సెకనులో మూడో వంతు పడుతుంది. 5.5 ఎంబీ అంటే 88 బ్లాకులు, అంటే సుమారు అర నిమిషం. ఆ అర నిమిషంలో ఏ క్షణం చూసినా చిప్‌లో పూర్తి పాత ఫర్మ్‌వేర్ లేదు, పూర్తి కొత్తదీ లేదు.

శనివారం వెళ్లి రౌటర్ విప్పాను. (నా ఉద్యోగం ఇలాంటి చిన్న లైనక్స్ బోర్డుల మీదే, కాబట్టి సామాను దగ్గరే ఉంటుంది. ఇది అందరూ ఇంట్లో చేయాల్సిన పని కాదు.) ముందుగా బోర్డు మీది సీరియల్ పిన్నులకు వైర్లు కలిపి, ఆన్ అయ్యేటప్పుడు అది ఏమంటుందో చూశాను. సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ చక్కగా మొదలైంది. కొన్ని సెకన్ల తర్వాత ఈ రెండు వరుసలు:

```
SQUASHFS error: unable to read id index table
Kernel panic - not syncing: VFS: Unable to mount root fs on unknown-block(31,5)
```

తర్వాత రీస్టార్ట్, మళ్లీ అదే. బాబాయ్ చూసిన లైట్ల ఆట ఇదే. కరెంటు తీసేసి, చిప్‌కి క్లిప్ తగిలించి, యూఎస్‌బీ ప్రోగ్రామర్‌తో మొత్తం 8 ఎంబీ లాప్‌టాప్‌లోకి చదివాను. ఫర్మ్‌వేర్ భాగాన్ని కొత్త ఫైల్‌తో పోల్చితే మొదటి 61 బ్లాకులు అచ్చంగా సరిపోయాయి. 62వ బ్లాకు నిండా `FF`లే, అంటే తుడవడం అయింది కానీ రాయడం మొదలవలేదు. 63 నుంచి అంతా పాత వెర్షనే. స్విచ్ ఆపిన క్షణం అలా చిప్ మీద ముద్రపడి ఉంది. ఇంకో పది సెకన్లు ఆగి ఉంటే రాయడం పూర్తయ్యేది.

88లో 61 బ్లాకులు వచ్చాయి కదా, కనీసం సగమైనా పని చేయాలి కదా అనిపించవచ్చు. చేయదు. ఫర్మ్‌వేర్‌లో ముందు కెర్నెల్ ఉంటుంది, ఇందులో అది 24 బ్లాకుల్లో సరిపోయింది. అందుకే అది మొదలైంది. దాని వెనక ఫైళ్లన్నీ గట్టిగా కుదించి ఒకే మూటగా కట్టి ఉంటాయి, ఆ మూట పేరే స్క్వాష్‌ఎఫ్ఎస్. ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టికలు ఆ మూటకి చివర్లో ఉంటాయి. మూట మొదటి పేజీ కొత్తదే, అది "పట్టిక ఫలానా చోట ఉంది చూడు" అంటుంది. అక్కడికి వెళ్లి చూస్తే పాత వెర్షన్ తాలూకు ముక్కలు. కాబట్టి వచ్చిన 61 బ్లాకులు కూడా చదవడానికి వీల్లేకుండా పోయాయి. యాప్‌లో ఒక ఫైల్ పాడైతే ఒక స్క్రీన్ తెరుచుకోకపోవచ్చు. ఇక్కడ తోక లేకపోతే మొత్తం లేనట్టే.

రీసెట్ బటన్ ఎందుకు పని చేయలేదో కూడా దీంతోనే తెలుస్తుంది. మామూలుగా ఆ బటన్‌ని గమనించి సెట్టింగులు చెరిపేది ఫర్మ్‌వేరే. అది లేచి నిలబడకపోతే బటన్ నొక్కినా పట్టించుకునేవాళ్లు లేరు. పైగా అది చెరిపేది సెట్టింగులనే, పోయిన ఫర్మ్‌వేర్‌ని తిరిగి తేలేదు.

ఇంత జరిగినా ఆ రౌటర్ బతకడానికి కారణం పై పట్టికలో మొదటి వరుస, 192 కేబీల `u-boot`. కరెంటు రాగానే మొదట నడిచే బూట్‌లోడర్ అది. ఆ అప్‌డేట్ దాన్ని ముట్టుకోలేదు. సీరియల్ నుంచి చూస్తే ఆన్ అయిన కొన్ని సెకన్లపాటు ఒక మెనూ వస్తుంది. అందులో ఇది ఎంచుకున్నాను:

```
2: Load system code then write to Flash via TFTP.
```

లాప్‌టాప్‌లో కేబుల్ మీదుగా ఫైల్ పంపే టీఎఫ్‌టీపీ సర్వర్ నడిపి, ల్యాన్ కేబుల్ కలిపి, రౌటర్, లాప్‌టాప్ రెండిటి అడ్రసులూ ఫైల్ పేరూ ఇచ్చాను. రెండు నిమిషాల్లో రౌటర్ లేచింది. అదే మెనూలో 9వ అంకె బూట్‌లోడర్‌నే తిరిగి రాస్తుంది. దాని జోలికి వెళ్లకండి. అది సగంలో ఆగితే ఈ మెనూ కూడా మిగలదు. అప్పుడు ప్రోగ్రామర్‌తో చిప్‌లోకి నేరుగా రాయడమొక్కటే దారి. కొన్ని కంపెనీల అప్‌డేట్ ఫైళ్లు బూట్‌లోడర్‌ని కూడా మారుస్తాయి, వాటితో ఇంకా జాగ్రత్త.

రౌటర్ విప్పకుండా బాగుచేసే వీలు కూడా చాలా మోడళ్లలో ఉంటుంది. రీసెట్ బటన్ నొక్కి పట్టుకునే కరెంటు ఇస్తే కొన్ని బూట్‌లోడర్లు రికవరీలోకి వెళ్లి ల్యాన్ కేబుల్ ద్వారా ఫైల్ తీసుకుంటాయి. ఇక్కడ బటన్‌ని చూసేది బూట్‌లోడరే కాబట్టి పని చేస్తుంది. లాప్‌టాప్‌కి ఏ అడ్రస్ పెట్టాలి, ఫైల్‌కి ఏ పేరు ఉండాలి అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. మీ రౌటర్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో పాటు హార్డ్‌వేర్ వెర్షన్ కూడా చూసి వెతకండి. ఇంట్లో నెట్ ఉండదు కాబట్టి ఆ ఫైల్ ఫోన్ డేటాతో దించుకోవాల్సి వస్తుంది. అప్‌డేట్ నొక్కే ముందే లాప్‌టాప్‌లో దించి ఉంచుకుంటే టెన్షన్ తగ్గుతుంది.

అన్ని రౌటర్లూ ఇంత సున్నితం కావు. పెద్ద ఫ్లాష్ ఉన్నవాటిలో ఫర్మ్‌వేర్‌కి రెండు గదులుంటాయి. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ1900ఏసీలో అలాగే ఉంది. కొత్తది ఖాళీ గదిలోకి వెళ్తుంది, అది లేవకపోతే పాత గది నుంచి నడుస్తుంది. ఫోన్ల సిస్టమ్ అప్‌డేట్‌కి కూడా 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7తో ఇదే పద్ధతి మొదలైంది.

ఏ దశలో ఆగితే ప్రమాదమో కూడా తెలుసుకోండి. ఫైల్ రౌటర్‌లోకి ఎక్కుతున్నంతసేపు అది ర్యామ్‌లోనే ఉంటుంది, అప్పుడు కరెంటు పోయినా మామూలుగా పాతదే లేస్తుంది. ఎక్కడం అయిపోయాక బ్రౌజర్ మూసినా, లాప్‌టాప్ ఆగినా ఫరవాలేదు, రాసేది రౌటరే. ప్రమాదమంతా ఆ తర్వాతి అర నిమిషం, ఒక నిమిషంలో ఉంది. మెల్లగా రాసే చిప్ అయితే ఇంకొంచెం ఎక్కువ. వైఫై పోయాక కనీసం పది నిమిషాలు స్విచ్ ముట్టుకోవద్దని నేను అందరికీ చెబుతాను. గాలివానలో, కరెంటు కోత టైములో మొదలుపెట్టకండి. రౌటర్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ ఉంటే దాని బ్యాటరీ నిజంగా నిలబడుతోందో లేదో ముందు స్విచ్ ఆపి చూసుకోండి.

బాబాయ్ రౌటర్ లేచాక కూడా నెట్ వెంటనే రాలేదు. సెట్టింగులన్నీ పోయాయి, కనెక్షన్ తాలూకు పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా రాసి లేవు. కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేసి అవి తీసుకునేసరికి సాయంత్రమైంది. ఇప్పుడు ఆ రెండూ కాగితం మీద రాసి మీటర్ బోర్డు పక్కన అంటించి ఉన్నాయి.