ఉద్యోగం పోయిందని బాపుకు ఎలా రాయాలి?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేసేవాణ్ని. మూడు వారాల కింద మా టీమ్‌లో కొంతమందిని తీసేశారు, అందులో నేనూ ఉన్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నెలనెలా ఇంటికి 15,000 రూపాయలు పంపుతాను. నా రూము, తిండి, ఖర్చులకు 14,000 అవుతాయి. బ్యాంకులో 1,40,000 ఉన్నాయి. బాపుకు బీపీ, రోజూ మాత్ర వేసుకుంటాడు. అమ్మకు చదువు రాదు. ఇప్పుడు పత్తి ఏరే రోజులు. ఫోన్‌లో చెప్పబోతే గొంతు పూడుకుపోతోంది, అందుకే మెసేజ్ పెడదామనుకుంటున్నాను. వాళ్లు భయపడకుండా ఏమని రాయాలి? రాత్రుళ్లు నాకూ నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు మెసేజ్ పెట్టడమే మంచిదని నాకూ అనిపిస్తోంది. ఫోన్‌లో కొడుకు గొంతు వణికితే తల్లిదండ్రులకు ఆ వణుకు ఒక్కటే వినిపిస్తుంది, ఆ తరువాత మీరు డబ్బు గురించి ఎంత వివరంగా చెప్పినా ఏదీ వారి చెవికెక్కదు. రాసిన మాటనైతే బాపు ఒకటికి రెండుసార్లు చదువుకోగలడు, అమ్మకు చదివి వినిపించగలడు. అయితే మెసేజ్ సగం పని మాత్రమే. అది చేరిన అరగంటలోపు మీ గొంతు వినపడకపోతే, రాయనిది ఇంకా ఏదో ఉందని అమ్మ అనుకోవడం ఖాయం. కాబట్టి ఏ సమయానికి ఫోన్ చేస్తారో ఆ మెసేజ్‌లోనే రాసి, ఆ సమయానికి తప్పకుండా చేయండి.

ఎప్పుడు పంపాలన్నది ఏమి రాయాలన్నంత ముఖ్యం. పత్తి ఏరే రోజుల్లో పొద్దంతా ఇద్దరూ చేను దగ్గరే ఉంటారు. కూలీల నడుమ నిలబడి ఇలాంటి వార్త చదివిన మనిషికి మనసులో మాట చెప్పుకోవడానికి తోడు దొరకదు. పత్తి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోయే రోజు అసలే వద్దు, ఎందుకంటే ఆ రోజు ధర ఎంత పలుకుతుందోనన్న ఆందోళన బాపుకు ముందే ఉంటుంది. ఇద్దరూ ఇంటికి చేరి, కాళ్లు కడుక్కుని, ఇంకా అన్నానికి కూర్చోని సమయం, అంటే సాయంత్రం ఏడున్నర ప్రాంతం, నా దృష్టిలో సరైనది. బాగా పొద్దుపోయాక పంపితే రాత్రంతా నిద్ర లేక, తెల్లవారి బీపీ మాత్ర సంగతి కూడా మరిచిపోయే ప్రమాదం ఉంది. శనివారం సాయంత్రమైతే ఇంకా మేలు. అవసరమనిపిస్తే మీరు ఆదివారం పొద్దున్నే ఉప్పల్‌లో బస్సెక్కి ఇంటికి చేరుకోవచ్చు. బాపుకు ఉన్నది బీపీ ఒక్కటే కాబట్టి మెసేజ్ పెట్టమంటున్నాను. ఈ మధ్యనే గుండెకు స్టెంట్ వేసి ఉంటే, ముందుగా ఇంటికి వెళ్లి ఎదుట కూర్చుని చెప్పమనేదాన్ని.

ఇక రాసే పద్ధతి. మీ వయసు వారు తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతో కొడుతుంటారు. ఊళ్లో ఉన్న తండ్రి దాన్ని కూడబలుక్కుని చదివేలోపు సగం అర్థం జారిపోతుంది. ఈ ఒక్కసారి తెలుగు అక్షరాలతోనే రాయండి. లేఆఫ్, నోటీస్ పీరియడ్, సెటిల్‌మెంట్ వంటి ఆఫీసు మాటలు వద్దు. అమ్మ దీన్ని చెవితో వినబోతోంది, కాబట్టి మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే ఉండాలి. రాసిన తరువాత ఒకసారి పైకి చదువుకుని చూడండి. అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త, మొత్తం ఒకే మెసేజ్‌గా పంపడం. ముందు "బాపూ" అని ఒకటి, తరువాత "ఒక మాట చెప్పాలె" అని మరొకటి, ఆ తరువాత మీరు టైప్ చేస్తున్నట్టు కనిపిస్తూ ఏదీ రాని రెండు నిమిషాలు: ఆ రెండు నిమిషాల్లో బాపు మనసు యాక్సిడెంట్ దగ్గరికీ ఆసుపత్రి దగ్గరికీ వెళ్లి వస్తుంది. ఫోన్‌లో వేరేచోట మొత్తం రాసిపెట్టుకుని, అక్కడి నుంచి తెచ్చి అతికించండి.

రాయకముందు డబ్బు లెక్క తేల్చుకోవాలి, ఎందుకంటే వాళ్లు పైకి అడిగినా అడగకపోయినా లోపల మెదిలే ప్రశ్న అదే. మీ ఖర్చు 14,000, ఇంటికి పంపేది 15,000, రెండూ కలిపితే 29,000. ఈ లెక్కన మీ దగ్గరున్న సొమ్ము ఐదో నెల నిండకముందే అయిపోతుంది. ఇంటికి పంపేది 8,000కు తగ్గిస్తే నెలకు 22,000, అంటే ఆరు నెలల పైచిలుకు వస్తుంది. అయినా మెసేజ్‌లో ఐదు నెలలనే రాయమంటాను. ఐదు నెలలకు 1,10,000 పోగా మిగిలే 30,000 జ్వరానికో, ఇంటర్వ్యూల తిరుగుళ్లకో, ఊరి ప్రయాణానికో ఉండాలి. కంపెనీ నుంచి రావలసిన బాకీ, పీఎఫ్ ఇంకా చేతికి రాలేదు కాబట్టి వాటిని ఈ లెక్కలో కలపవద్దు. మీరు ఆరు అని చెప్పి ఐదో నెలలో తడబడితే, ఆ తరువాత మీరు చెప్పే ఏ అంకెనూ బాపు నమ్మడు.

నేనైతే ఇలా రాయమంటాను. మాటలు మీ ఇంటి తీరుకు మార్చుకోండి, వరుస మాత్రం మార్చకండి.

"బాపూ, నేను మంచిగున్న, రూములనే ఉన్న. నీకు, అమ్మకు ఒక సంగతి చెప్పాలె. మూడు వారాల కింద నా ఉద్యోగం పోయింది. కంపెనీల మా పని తగ్గింది, మా టీముల కొంతమందిని తీసేసిన్రు, అండ్ల నేను ఒకణ్ని. నేను ఎవ్వలతోని గొడవ పెట్టుకోలేదు, నా మీద ఏ మాట లేదు. ఎట్ల చెప్పాల్నో తెల్వక ఇన్ని రోజులు ఆగిన, ముందుగాలనే చెప్పాల్సి ఉండె. నా కాడ ఐదు నెలలకు సరిపోయే పైసలున్నయి. వచ్చే నెల నుంచి ఇంటికి 15,000 కాకుంట 8,000 పంపుత. నీ మాత్రలకు, ఇంటి ఖర్చుకు ఎంత తక్కువ పడ్తదో నువ్వే చెప్పు, సూద్దాం. రోజు కొత్త ఉద్యోగం కోసమే చూస్తున్న. ఎప్పుడు దొరుకుతదో ఇప్పుడే చెప్పలేను. నా కోసం ఎక్కడ అప్పు చెయ్యకు. ఇది అమ్మకు చదివి వినిపియ్యి. ఎనిమిదింటికి ఫోన్ చేస్త."

మొదటి వాక్యంలోనే మీరు క్షేమంగా ఉన్నారన్నది చేరుతుంది, కాబట్టి తరువాతి వార్త ఎంత చేదుదైనా ప్రాణం మీదికి వచ్చినది కాదని తెలిసిన మనసుతోనే వారు చదువుతారు. "దిగులు పడకు" అన్న మాట నేను కావాలనే రాయలేదు. దిగులు పడే సంగతి చెబుతూ పడవద్దంటే, వారి దిగులును వారు మీ దగ్గర దాచుకుంటారు, అంతే. కారణం రెండు వాక్యాలకు మించి సాగితే సంజాయిషీలా వినిపిస్తుంది. అయితే మీ పని బాగాలేదని తీసేసి ఉంటే దాన్ని కంపెనీ పరిస్థితి మీదికి నెట్టకుండా ఉన్నదున్నట్టు రాయాలి, ఎందుకంటే అదే ఆఫీసులో పనిచేసే మీ ఊరివాడు ఎవరో ఒకరు ఏదో ఒక పెళ్లిలో అసలు సంగతి చెప్పేస్తాడు. మూడు వారాలు దాచిన మాట కూడా అక్కడే, ఒక్క వాక్యంలో ఒప్పుకోవాలి. పోయిన ఆదివారం ఫోన్‌లో ఆఫీసు సంగతి అడిగితే మీరేమన్నారో అమ్మకు తప్పకుండా గుర్తుకొస్తుంది. "వచ్చే నెలకల్లా దొరుకుతది" అని రాయాలని మీకు చాలా అనిపిస్తుంది. రాయకండి, ఆ నెల నిండే రోజు ఇంట్లో మళ్లీ మొదటి నుంచి అదే బెంగ మొదలవుతుంది.

తరువాత ఏమి జరగవచ్చో కూడా చెబుతాను. బాపు "సరే" అని రెండక్షరాలు రాసి ఊరుకోవచ్చు, లేదా ఏమీ రాయకపోవచ్చు; అది కోపం అనుకోకండి, చాలామంది తండ్రులకు రాతలో అంతకన్నా మాట రాదు. అమ్మ ఏడుస్తుంది. ఏడవనివ్వండి, మధ్యలో అడ్డుపడి ధైర్యం చెప్పకుండా, ఆమె తేరుకున్నాక "తిన్నవా" అని అడిగేదాకా లైన్‌లో ఉండండి. "ఇంటికి వచ్చెయ్ బిడ్డా" అంటే వెంటనే కాదనకండి. రెండు రోజులు వచ్చి పోతానని, ఇంటర్వ్యూల కోసం హైదరాబాద్‌లో ఉండవలసి ఉందని చెప్పండి. ఫోన్‌లో తప్పకుండా చెప్పవలసిన జాగ్రత్త ఒకటి ఉంది. పిల్లవాడికి ఉద్యోగం లేదని తెలిస్తే, డబ్బు కడితే కంపెనీలో పెట్టిస్తామనే వారు బంధువుల ద్వారానే ఇంటిదాకా వస్తారు, బెంగలో ఉన్న తండ్రి పత్తి అమ్మిన సొమ్ము వారి చేతిలో పెట్టే వీలుంది. మిమ్మల్ని అడగకుండా ఎవరికీ రూపాయి ఇవ్వవద్దని స్పష్టంగా చెప్పండి. ఊళ్లో ఎవరైనా అడిగితే ఏమనాలో కూడా మీరే ఒక మాట అందించండి: "పాత కంపెనీల పని తగ్గింది, ఇంకోటి చూసుకుంటున్నడు." అది నిజం, అంతకు మించి ఎవరికీ చెప్పవలసిన పని లేదు.

కంపెనీ ఆరోగ్య బీమాలో తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయేమో మీరు రాయలేదు. ఉంటే, అది ఏ తేదీతో ఆగుతుందో, అదే బీమా సంస్థలో సొంత పాలసీగా మార్చుకునే వీలుందో కంపెనీ హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. అది తేలేదాకా ఇంట్లో ఎత్తవద్దు, సగం తెలిసిన సంగతి బీపీ మనిషికి మంచిది కాదు. రేషన్ కార్డు ఉన్న ఇంటికి ఆరోగ్యశ్రీ ఉంటుంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. తేదీ తెలిశాక ఈ రెండు సంగతులూ కలిపి చెప్పండి.

మీకు నిద్ర పట్టకపోవడం దాచిన మాట బరువు వల్ల కావచ్చు, చెప్పాక కొంత తగ్గవచ్చు. తగ్గకపోతే, లేదా బతికి ఏం లాభమన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ తరువాత ప్రతి ఆదివారం సాయంత్రం ఒకే సమయానికి ఇంటికి ఫోన్ చేయండి. కొత్త కబురు లేని వారంలో కూడా "ఈ వారం రెండు ఇంటర్వ్యూలైనయి, జవాబు రాలే" అని చెప్పండి, లేకపోతే వాళ్లు వారమంతా మీ ఫోన్ కోసం చూస్తూ, మీరు చేసిన ప్రతిసారీ గుండె పట్టుకుని ఎత్తుతారు. నాలుగో నెల మొదలయ్యేసరికి ఉద్యోగం దొరకకపోతే ఆ 8,000 కూడా ఆపవలసి రావచ్చు. ఆ మాట ఆపే నెలలో కాకుండా ఒక నెల ముందే చెప్పండి, అప్పుడు యాసంగి పెట్టుబడిలో ఎక్కడ తగ్గించుకోవాలో బాపు చూసుకోగలుగుతాడు.